సర్వే జవాబుల్లోంచి గుంపులు: ఎన్ని చేయాలి, ఎంత నమ్మాలి

క్లస్టర్ విశ్లేషణ అంటే సర్వేలో ఒకేలాంటి జవాబులు ఇచ్చినవాళ్లను ఒక చోట చేర్చే లెక్క. సగటు దాచిపెట్టేదాన్ని బయటికి తీయడం దాని పని. ఒక హోటల్ గురించి సగంమంది చవక అని, మిగతా సగం ఖరీదు అని చెబితే సగటు మనిషి ఆ హోటల్ ధర మధ్యస్థం అన్నట్టు లెక్క తేలుతుంది. అలా అన్న మనిషి మాత్రం సర్వేలో ఒక్కడూ ఉండడు. కొనేవాళ్లందరినీ ఒకే గాటన కట్టకూడదనీ, అవసరాలను బట్టి విడదీసి చూడాలనీ వెండెల్ స్మిత్ 1956లో రాసిన వ్యాసంతో మార్కెట్ సెగ్మెంట్ అనే మాట వ్యాపార శాస్త్రంలో స్థిరపడింది. ఆ విడదీత కోసం ఇప్పుడు ఎక్కువగా ఆశ్రయించేది క్లస్టర్ విశ్లేషణనే.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. గుంపులు కావాలని అడిగితే లెక్క ఎప్పుడూ కాదనదు. నాలుగు అడిగితే నాలుగు, తొమ్మిది అడిగితే తొమ్మిది చేసి ఇస్తుంది. జవాబుల్లో అసలు గుంపులే లేకపోయినా ఇస్తుంది. కాబట్టి గుంపులు చేయడం కష్టం కాదు. ఎన్ని చేయాలి, చేసినవాటిని ఎంతవరకు నమ్మాలి అన్నవే కష్టమైన ప్రశ్నలు.

వీటిని ఒక నిజమైన సర్వే మీద చూడటం మేలు. శారా డోల్నిచర్, బెట్టినా గ్రూన్, ఫ్రీడ్రిష్ లైష్ అనే పరిశోధకులు 2018లో మార్కెట్ సెగ్మెంట్ల మీద ఒక పుస్తకం వెలువరించారు. అందులో ఆస్ట్రేలియాలో 1453 మందిని మెక్‌డొనాల్డ్స్ గురించి అడిగిన సర్వే ఉంది. ఆ సమాచారాన్ని ఎవరైనా దించుకుని లెక్క తిరగవేయవచ్చు. సర్వేలో పదకొండు విశేషణాలు ఇచ్చి, ఒక్కోటి మెక్‌డొనాల్డ్స్‌కు వర్తిస్తుందో లేదో అవును, కాదు అని చెప్పమన్నారు. నోరూరించేది, సౌకర్యం, కారం, కొవ్వు పెంచేది, జిడ్డు, త్వరగా దొరికేది, చవక, రుచి, ఖరీదు, ఆరోగ్యం, అసహ్యం అన్నవి ఆ పదకొండు. వీటితో పాటు వయసు, ఆడా మగా, ఎంత తరచుగా వెళ్తారు, మెక్‌డొనాల్డ్స్ అంటే ఎంత ఇష్టం అన్నవి కూడా అడిగారు. గుంపులు చేయడానికి మాత్రం పదకొండు విశేషణాలనే వాడారు, మిగతావి పక్కన పెట్టారు. అలా పక్కన పెట్టినందువల్ల కలిగిన లాభం చివర్లో తేలుతుంది.

అవును అంటే 1, కాదు అంటే 0 అని రాస్తే ఒక్కో మనిషి పదకొండు అంకెల వరుస అవుతాడు. సగటులు చూస్తే 91 శాతం మంది సౌకర్యం అన్నారు, 90 శాతం మంది త్వరగా దొరుకుతుందన్నారు. చవక అన్నవాళ్లు 60 శాతం, ఖరీదు అన్నవాళ్లు 36 శాతం. లెక్క మొదలుకాక ముందే ఇక్కడ ఒక సంగతి తెలిసిపోతుంది. అందరూ దాదాపు ఒకే జవాబు ఇచ్చిన ప్రశ్న మనుషులను విడదీయలేదు. గుంపులు ఏర్పడేది జనం రెండుగా చీలిన రుచి, చవక, ఖరీదు, జిడ్డు లాంటి ప్రశ్నల దగ్గరే.

గుంపులు చేసే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నది కే-మీన్స్. బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ లాయిడ్ 1957లో సిగ్నళ్ల పని కోసం ఈ పద్ధతిని రాసుకున్నాడు, అది అచ్చయింది 1982లో. ఆలోపే 1967లో జేమ్స్ మాక్వీన్ దానికి ఈ పేరు పెట్టాడు. పద్ధతి చాలా సులువు. ఎన్ని గుంపులు కావాలో ముందే చెప్పాలి. నాలుగు అంటే, నలుగురు మనుషులను ఎలాగోలా ఎంచుకుని వాళ్ల జవాబులను నాలుగు కేంద్రాలుగా పెట్టుకుంటుంది. మిగతావాళ్లలో ప్రతి ఒక్కరినీ తనకు అతి దగ్గరగా ఉన్న కేంద్రంలో చేర్చుతుంది. ఆ తర్వాత ఒక్కో గుంపులోని అందరి సగటు తీసి, దాన్ని కొత్త కేంద్రం చేస్తుంది. కేంద్రాలు కదిలాయి కాబట్టి కొందరు గుంపు మారతారు. మళ్లీ సగటు, మళ్లీ పంపిణీ. ఎవరూ మారని దశకు వస్తే ఆగిపోతుంది.

దగ్గర, దూరం అన్నది ఎలా కొలుస్తారో మూడు ప్రశ్నలతో చూడవచ్చు. ఒకావిడ రుచి అన్నదానికి అవును, చవక అన్నదానికి కాదు, అసహ్యం అన్నదానికి కాదు అన్నదనుకుందాం. ఆమె వరుస 1, 0, 0. ఒక కేంద్రం 0.9, 0.1, 0.1 అనుకుందాం. అంటే ఆ గుంపులో నూటికి 90 మంది రుచి అన్నారు, పదిమంది చవక అన్నారు, పదిమంది అసహ్యం అన్నారు. ఇంకో కేంద్రం 0.2, 0.9, 0.3. ప్రతి ప్రశ్నకూ ఉన్న తేడాను దానితోనే గుణించి, వచ్చినవన్నీ కూడితే మొదటి కేంద్రానికి దూరం 0.03, రెండోదానికి 1.54. ఆమె మొదటి గుంపులో చేరుతుంది. అందరి దూరాలూ కలిపిన మొత్తాన్ని గుంపుల లోపలి తేడా అనవచ్చు. కే-మీన్స్ ఆ మొత్తాన్ని తగ్గించడానికే పాకులాడుతుంది.

అయితే మొదట ఎంచుకున్న నలుగురు ఎవరన్నదాన్ని బట్టి చివరి ఫలితం మారవచ్చు. ఒక మూల నుంచి బయలుదేరిన లెక్క అక్కడికి దగ్గరలోని మంచి విభజన దొరకగానే ఆగిపోతుంది, అంతకన్నా మంచిది ఇంకో చోట ఉన్నా దానికి తెలియదు. అందుకే ఒకే లెక్కను వేర్వేరు ప్రారంభాలతో పదిసార్లో, ఇంకా ఎక్కువసార్లో నడిపి లోపలి తేడా అన్నిటికన్నా తక్కువగా వచ్చినదాన్ని ఉంచుకుంటారు. ఒక్కసారి నడిపి వచ్చినదాన్ని నివేదికలో పెట్టేయడం ఈ రంగంలో తరచుగా కనబడే పొరపాటు.

ఇక అసలు ప్రశ్న: ఎన్ని గుంపులు? పాఠ్యపుస్తకాలు మొదట చెప్పేది మోచేయి పద్ధతి. రెండు గుంపులతో, మూడుతో, నాలుగుతో అలా ఎనిమిది దాకా లెక్క నడిపి, ఒక్కోసారి మిగిలిన లోపలి తేడాను గీతగా గీస్తారు. గుంపులు పెరిగేకొద్దీ తేడా ఎలాగూ తగ్గుతుంది. 1453 మందికి 1453 గుంపులు చేస్తే అది సున్నా. గీత మొదట బాగా దిగి, ఒక చోట మోచేతిలా వంగి, ఆ తర్వాత నెమ్మదిగా దిగితే ఆ వంపు దగ్గర ఆగమంటారు.

వినడానికి బాగానే ఉంటుంది గానీ ఈ వంపు కళ్లను మోసం చేయగలదు. ఇరవై ఏళ్ల నుంచి అరవై ఏళ్ల దాకా ప్రతి వయసువాళ్లూ సమానంగా ఉన్న ఒక జనాన్ని ఊహించుకుందాం. వయసు తప్ప వాళ్లలో ఇంకే తేడా లేదు. ఇందులో గుంపులంటూ ఏమీ లేవు, నలభై ఏళ్ల పొడవున సమంగా పరుచుకున్న మనుషులే ఉన్నారు. చెరకుగడకైతే కణుపులుంటాయి, ఇది కణుపులు లేని తాడు. అందరినీ ఒకే గుంపుగా ఉంచినప్పటి లోపలి తేడాను 100 అనుకుంటే, సరిగ్గా మధ్యలో కోసి రెండు చేస్తే అది 25కు పడుతుంది. మూడు చేస్తే 11, నాలుగు చేస్తే 6, అయిదు చేస్తే 4. ఈ అంకెలను గీస్తే రెండు దగ్గరో మూడు దగ్గరో చక్కని మోచేయి కనబడుతుంది. దాన్ని చూసి యువత, నడివయసు, పెద్దలు అని మూడు సహజ గుంపులు దొరికాయని నివేదిక రాయడం ఎంత తేలికో, ఎంత తప్పో చెప్పనక్కర్లేదు.

మెక్‌డొనాల్డ్స్ సర్వేలో ఎదురైంది దీనికి తలకిందులైన ఇబ్బంది. అక్కడ గీత మెల్లగా దిగుతూ పోయింది, మోచేయే కనబడలేదు. మనుషుల అభిప్రాయాల సర్వేల్లో ఇదే మామూలు. అభిప్రాయాలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మెల్లగా జారుతుంటాయి, ఖాళీ జాగాతో విడిపోయిన గుంపులు అరుదు. పీటర్ రౌసీవ్ 1987లో ప్రతిపాదించిన సిలౌట్ కొలత ప్రతి మనిషీ తన గుంపుకు ఎంత దగ్గరో, పక్క గుంపుకు ఎంత దగ్గరో పోల్చి మైనస్ 1 నుంచి 1 మధ్యలో ఒక అంకె ఇస్తుంది. స్పష్టంగా విడిపోయిన గుంపులున్న చోట అది బాగా ఉపయోగపడుతుంది. అభిప్రాయాల సర్వేల్లో అది తరచుగా ఏ సంఖ్య దగ్గరా పెద్దగా పైకి లేవదు. గుంపులు బాగా విడిపోలేదన్నదే అప్పుడు అది నిజాయితీగా చెప్పే మాట.

సహజమైన గుంపులు లేనంత మాత్రాన పని ఆపనక్కర్లేదు. ప్రశ్నను కొంచెం మార్చుకుంటే చాలు. ఈ గుంపులు లోకంలో ముందే ఉన్నాయా అని కాకుండా, ఇలాంటి ఇంకో 1453 మందిని అడిగితే మళ్లీ ఇవే గుంపులు వస్తాయా అని అడగాలి. నిలకడ ఉన్న విభజన మీద నిర్ణయాలు కట్టవచ్చు. ప్రతిసారీ మారిపోయే విభజన మీద కడితే అది ఆ ఒక్క సర్వే తాలూకు యాదృచ్ఛికానికి పేరు పెట్టడమే.

మళ్లీ సర్వే చేయడానికి డబ్బు ఎవరిదగ్గరా ఉండదు కాబట్టి ఉన్న జవాబులతోనే సర్వేను తిరిగి చేసినట్టు నటిస్తారు. దీన్ని బూట్‌స్ట్రాప్ అంటారు. 1453 మంది పేర్లనూ చీటీల మీద రాసి కుండలో వేసి, ఒక చీటీ తీసి పేరు రాసుకుని, దాన్ని మళ్లీ కుండలోనే వేయాలి. ఇలా 1453 సార్లు. కొందరు రెండు మూడుసార్లు వస్తారు, దాదాపు మూడో వంతు మందికి పైగా అసలు రారు. ఇలాంటి నమూనాలు రెండు తీసి, రెండింటిలోనూ విడివిడిగా నాలుగు గుంపులు చేస్తారు. తర్వాత అసలు జాబితాలోని అందరినీ ఒకసారి మొదటి విభజన కేంద్రాల ప్రకారం, ఇంకోసారి రెండో విభజన కేంద్రాల ప్రకారం పంచుతారు. రెండు పంపకాలూ ఎంత కలిశాయన్నదే ప్రశ్న.

ఆ పోలికను గుంపుల అంకెలతో చేయలేరు. ఒక లెక్కలో ఒకటో గుంపు ఇంకో లెక్కలో మూడో గుంపు కావచ్చు, ఆ అంకెలకు అర్థం లేదు. కాబట్టి మనుషులను ఇద్దరిద్దరిగా తీసుకుంటారు. ఈ ఇద్దరూ మొదటి పంపకంలో ఒకే గుంపులో ఉన్నారా, రెండోదాంట్లోనూ ఒకే గుంపులో ఉన్నారా? అన్ని జంటలకూ ఇది చూసి విలియం రాండ్ 1971లో ఒక సూచీ తయారుచేశాడు. యాదృచ్ఛికంగా కలిసే జంటలను అందులోంచి తీసేసి హ్యూబర్ట్, అరబీ 1985లో దాన్ని సరిచేశారు. సరిచేసిన సూచీ 1 అయితే రెండు పంపకాలూ ఒకటే. సున్నా దగ్గర ఉంటే కళ్లు మూసుకుని పంచినా అంతే కలుస్తుంది.

డోల్నిచర్ బృందం రెండు నుంచి ఎనిమిది దాకా ఒక్కో సంఖ్యకూ ఇలాంటి వంద జంట నమూనాలు తీసి చూసింది. రెండు, మూడు, నాలుగు గుంపుల విభజనలు బాగా నిలబడ్డాయి. అయిదు దగ్గర నిలకడ ఒక్కసారిగా పడిపోయింది. రెండు, మూడు గుంపులు నిలకడగానే ఉన్నా వాటితో తెలిసేది తక్కువ: ఇష్టపడేవాళ్లు, పడనివాళ్లు అన్నంత మాత్రమే. అందుకే నాలుగు దగ్గర ఆగారు. ఇది లెక్క ఒక్కటే చేసిన నిర్ణయం కాదన్నది గమనించాలి. ఎన్నింటి దాకా నిలబడగలమో లెక్క చెప్పింది. ఆ హద్దులో ఎంత వివరం కావాలో మనుషులు తేల్చుకున్నారు.

మొత్తం విభజన నిలకడగా ఉన్నా అందులోని ప్రతి గుంపూ అంత గట్టిది కాకపోవచ్చు. ఈ నాలుగింటిలో మూడోది అన్నిటికన్నా నిలకడైనది, ఒకటోది అన్నిటికన్నా బలహీనం. ఎవరి మీద డబ్బు ఖర్చు పెట్టాలో నిర్ణయించేవాళ్లకు సగటు నిలకడకన్నా ఈ సంగతే ఎక్కువ అక్కర.

ఆ నాలుగు గుంపుల ముఖాలు ఇవి. ఒకటో గుంపుకు మెక్‌డొనాల్డ్స్ చవక, కానీ జిడ్డు. రెండోదానికి అది ఖరీదూ, పైగా అసహ్యం. మూడో గుంపు కూడా ఖరీదే అంటుంది, కానీ రుచి, నోరూరుతుంది అంటుంది. నాలుగోదానికి అన్నీ ఇష్టమే: రుచి, చవక, కొంతవరకు ఆరోగ్యం కూడా. మొత్తం సగటుతో పోల్చితేనే ఈ ముఖాలు కనబడతాయి. త్వరగా దొరుకుతుందని మూడో గుంపులో ఎక్కువమంది అన్నారని రాస్తే అది ఆ గుంపు లక్షణం కాదు, అందరూ అన్నదే. ఏ జవాబులో గుంపు సగటు అందరి సగటుకు దూరంగా ఉందో అదే ఆ గుంపును పోల్చుకునే గుర్తు.

ఇక్కడ చాలా నివేదికలు జారిపడే చోటొకటి ఉంది. గుంపులు చేయడానికి వాడిన ప్రశ్నలనే మళ్లీ తీసుకుని, గుంపుల మధ్య తేడా గణాంకపరంగా గట్టిదని పరీక్షలు చేసి చూపుతారు. ఆ తేడా ఉండేలా కోసిందే ఆ లెక్క. సమంగా పరుచుకున్న వయసుల జనాన్ని మూడు ముక్కలు చేసి, ఈ మూడు ముక్కల సగటు వయసులు వేరు అని నిరూపించినా అంతే. ఆ పరీక్ష ఎప్పుడూ గెలుస్తుంది, కాబట్టి దాని గెలుపుకు విలువ లేదు.

విలువైన పరీక్ష పక్కన పెట్టిన ప్రశ్నలతో చేసేది. ఇష్టం ఎంత అన్నది గుంపులు చేసేటప్పుడు లెక్కకు తెలియదు. అయినా రెండో గుంపువాళ్లలో మెక్‌డొనాల్డ్స్ అంటే గిట్టనివాళ్లు ఎక్కువగా తేలారు. మూడు, నాలుగు గుంపులవాళ్లు మిగతావాళ్లకన్నా తరచుగా వెళ్తున్నారు. నాలుగో గుంపులో ఆడవాళ్లు ఎక్కువ, రెండోదాంట్లో మగవాళ్లు ఎక్కువ. మూడో గుంపువాళ్లు వయసులో చిన్నవాళ్లు. పదకొండు విశేషణాల మీద చేసిన విభజన వేరే ప్రశ్నల్లోనూ తేడా చూపిందంటే అది మనుషుల్లో నిజంగా ఉన్నదేదో పట్టుకుందని కొంత ధైర్యం కలుగుతుంది. అన్ని ప్రశ్నలనూ మొదటే కుమ్మరించి గుంపులు చేసి ఉంటే ఈ సాక్ష్యం మిగిలేది కాదు.

పనికొస్తుందా అన్నది ఇంకో మెట్టు. గుంపు నిజమైనా చేయగలిగింది ఏమీ లేకపోవచ్చు. రెండో గుంపు స్పష్టంగా ఉంది, కానీ అసహ్యం అన్నవాళ్లను తిప్పుకోవడానికి పెట్టే ఖర్చు తిరిగి రావడం కష్టం. నాలుగో గుంపు ఇప్పటికే వస్తోంది, చవక అనీ అంటోంది. మూడోది మాత్రం తిండి నచ్చి ధర నచ్చని గుంపు. వయసు తెలుసు కాబట్టి వాళ్లను చేరే దారీ తెలుసు. పుస్తకం ఎంచుకున్నదీ దాన్నే: వాళ్ల కోసం తక్కువ ధరలో ఒక ప్రత్యేక వరుస పెడితే ఎలా ఉంటుందో ఊహించి చూపింది. అందులో ప్రమాదం కూడా ఉంది. ఆ చవక వరుస మామూలు సరుకుకు మరీ దగ్గరగా ఉంటే నాలుగో గుంపు కూడా దానికే మారిపోతుంది, కొత్త లాభం రాకపోగా పాతది తగ్గుతుంది. గుంపు పెద్దదా, చేరగలమా, దానికి చేసేది మిగతావాళ్లకు చేసేదానికన్నా వేరా అన్న ప్రశ్నలకు జవాబు లేకపోతే ఎంత నిలకడైన విభజనైనా బొమ్మల పటమే.

లెక్క చెడిపోయే దారుల్లో రెండింటిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మొదటిది కొలతల గొడవ. నెల ఆదాయాన్ని రూపాయల్లోనూ, అభిప్రాయాన్ని ఒకటి నుంచి అయిదులోనూ రాసి రెండింటినీ ఒకే లెక్కలో పెడితే, వేల రూపాయల తేడా ముందు నాలుగు పాయింట్ల తేడా సోదిలోకి రాదు. వచ్చేవి ఆదాయపు గుంపులే. మెక్‌డొనాల్డ్స్ సర్వేలో అన్నీ 0, 1 కావడం వల్ల ఈ బాధ తప్పింది.

రెండోది కనిపెట్టడం కష్టం. ఏది అడిగినా తల ఊపేవాళ్లు, అయిదు పాయింట్ల ప్రశ్నలన్నిటికీ అయిదే వేసేవాళ్లు ప్రతి సర్వేలోనూ ఉంటారు. కే-మీన్స్ వాళ్లను చాలా నమ్మకంగా ఒక గుంపు చేస్తుంది. అది సంతృప్తులైన కస్టమర్ల గుంపులా కనబడుతుంది, నిజానికి అది జవాబిచ్చే అలవాటు. గుంపుల సగటులను గీతలుగా గీసినప్పుడు అవి ఎక్కడా ఒకదాన్నొకటి కోసుకోకుండా ఒకటి పైన, ఒకటి మధ్యలో, ఒకటి కింద సమాంతరంగా పోతుంటే అనుమానించాలి. ఎదురెదురు ప్రశ్నలు రెండు ముందే పెట్టుకుంటే పట్టుకోవడం ఇంకా సులువు. చవక, ఖరీదు రెండింటికీ అవును అన్నవాళ్లు ఎందరో చూస్తే చాలు.

ఎంతమందిని అడగాలన్నదానికి ఇదే బృందం కృత్రిమ సమాచారం మీద ప్రయోగాలు చేసి, గుంపులకు వాడే ఒక్కో ప్రశ్నకూ కనీసం వందమంది ఉండాలని సూచించింది. పదకొండు ప్రశ్నలకు 1100 మంది కావాలి, ఇక్కడ 1453 మంది ఉన్నారు. మూడువందల మందిని నలభై ప్రశ్నలడిగి ఏడు గుంపులు ప్రకటించే నివేదికలను ఈ కొలబద్దతో చూడవచ్చు.

గుంపులు కుదిరాక కొత్త మనిషిని ఏ గుంపులో వేయాలన్న ప్రశ్న వస్తుంది. అతని జవాబులకు దగ్గరి కేంద్రం ఏదో చూస్తే సరిపోతుంది, కానీ అన్ని ప్రశ్నలూ అడగడం బరువు. వాతావరణ మార్పు మీద అమెరికన్ల అభిప్రాయాలను ఆరు గుంపులు చేసిన యేల్, జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2008 సర్వేలో 36 ప్రశ్నలతో మొదలుపెట్టారు. వాళ్లు వాడింది కే-మీన్స్‌కు దాయాది అయిన ఇంకో పద్ధతి. తర్వాత ఆ ప్రశ్నలను పదిహేనుకు, 2018 నాటికి నాలుగుకు కుదించారు. నాలుగు ప్రశ్నలతో కొందరు తప్పు గుంపులో పడతారు, కానీ గుంపుల వాటాలను ఏటా కొలవడానికి అది చాలు.

ఏటా కొలిచేటప్పుడు పాత నిర్వచనాలనే ఉంచాలి. ప్రతి ఏడూ కొత్తగా క్లస్టర్ విశ్లేషణ చేస్తే గుంపులే మారిపోతాయి, నిరుడు ఇరవై శాతం ఉన్నది ఈ ఏడు ఇరవై అయిదు అయిందనడానికి అర్థం ఉండదు. దేశం మారినప్పుడు మాత్రం పాత నిర్వచనాలు పనికిరావు. భారత్‌లో 2011లో చేసిన సర్వేకు యేల్ పరిశోధకులు అమెరికా గుంపులను అరువు తెచ్చుకోలేదు. ఇక్కడి జవాబులతోనే విడిగా లెక్క చేశారు, వచ్చిన గుంపులూ వేరే.